పదమూడు రోజుల వడ్డీ

స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే ఆ దుకాణంలో ఆ రోజు మధ్యాహ్నం మూడు మిషన్లూ మూగపోయి ఉన్నాయి. నాలుగో మిషను ముందు కూర్చున్న వదిన మాత్రం, సూదిలో దారం లేకుండానే పెడలు తొక్కుతోంది. తొక్కుతున్నట్టు ఆమెకి తెలియదు. మనసు నిలవకపోతే కాలు నిలుస్తుందా?

ఆమె ఎవరికి వదిన అంటే, నిజానికి ఒక్క మనిషికే. బట్ట కత్తిరించే మరిదికి. కానీ అతను రోజుకి నూరుసార్లు "వదినా" అని పిలవడం విని విని వీధంతా ఆ పిలుపే పట్టుకుంది. పోస్టు తెచ్చే ముసలాయనకీ వదినే, జడలు వేసుకుని కొలతలివ్వడానికి వచ్చే పదేళ్ల పిల్లకీ వదినే. మరిదిని మాత్రం అందరూ కత్తెర అంటారు. అన్న పోయిన ఈ ఆరేళ్లలోనూ ఆ దుకాణాన్ని ఆమె నోరూ అతని కత్తెరా కలిసే నడిపించాయి.

ఆ కత్తెర ఈ సాయంత్రం అయిదింటికి వెళ్లిపోతున్నాడు. స్టేషన్ రోడ్డులో పెద్ద దుకాణం వాళ్లు ఎప్పటినుంచో పిలుస్తున్నారు. నిన్న రాత్రి ఒప్పుకున్నాడు. ఇప్పుడు వెనక గదిలో తన సుద్దముక్కలూ స్కేళ్లూ సంచిలో సర్దుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. చప్పుడు వినిపించినప్పుడల్లా వదిన కాలు ఇంకాస్త జోరుగా ఆడుతోంది.

"ఆ మిషను ఏం పాపం చేసిందే, ఊరికే తొక్కుతావు?" అంది మూల కూర్చుని గుండీలు కుడుతున్న పిన్ని. ఈమె వరసకి పిన్ని కాదు, పనికి పిన్ని. డెబ్బై దాటినా సూదిలో దారం కళ్లజోడు లేకుండానే ఎక్కిస్తుంది, నోట్లో మాట మాత్రం ఆపుకోలేదు. "పోయేవాణ్ణి ఆపుకోవాలంటే లేచి లోపలికెళ్లు. పోనివ్వాలంటే కాళ్లు ముడుచుకుని కూర్చో. రెండూ కాకుండా ఈ గడగడ ఏమిటి?"

"నేనెందుకు ఆపాలి? తప్పు చేసినవాడు పోతున్నాడు. పోనీ."

"మరి కళ్లెందుకు గుమ్మం మీదే ఉన్నాయి?"

వదిన ఒళ్లో ఉన్న బ్యాంకు కాగితం మళ్లీ విప్పింది. మడతపెట్టి విప్పి, మడతపెట్టి విప్పి, ఆ కాగితం మడతల దగ్గర అప్పుడే నలిగి మెత్తబడిపోయింది.

జరిగింది ఇదీ. మిషన్ల కోసం తీసుకున్న అప్పు త్వరగా తీర్చేద్దామని వదిన పోయిన నెల తన గాజులు అమ్మేసింది. నాలుగు గాజులకి డెబ్బైమూడు వేలు వచ్చాయి. ఆరో తారీఖు పొద్దున ఆ నోట్లు గుడ్డలో మూటగట్టి, బ్యాంకు చీటీ తనే నింపి, కత్తెర చేతిలో పెట్టింది. ఆ రోజు ఒక స్కూలుకి రెండువందల చొక్కాలు ఇవ్వాలి, ఆమె మిషను మీదినుంచి లేవడానికి లేదు. అతను వెళ్లాడు, వచ్చాడు, "కట్టేశాను వదినా" అన్నాడు. రసీదేదిరా అంటే, జేబులో పెట్టుకుని మరిచిపోయాననీ, చొక్కా ఉతుక్కి వెళ్లిపోయిందనీ చెప్పి ఒక తెల్లటి పీచుముద్ద చూపించాడు. వదిన నవ్వేసింది. ఇంట్లోవాడు, రసీదెందుకు అనుకుంది.

ఎనిమిదో తారీఖున కత్తెర ఒక పాత మోటారుబండి కొన్నాడు. అప్పుడూ వదిన నవ్వుతూ దాని మీద ఎక్కి వీధి చివరిదాకా తిరిగొచ్చింది.

నిన్న ఈ కాగితం వచ్చింది. పోయిన నెల అప్పు ఖాతా లెక్క. అందులో ఆమె డెబ్బైమూడు వేలూ జమ అయిన తేదీ పంతొమ్మిది అని ఉంది. ఆరు కాదు, పంతొమ్మిది.

ఇక చూడాలి. ఆమె నోరు అగ్గిపుల్లకి ముందే మండే రకం. పనివాళ్లందరి ముందూ అడిగేసింది. "ఆరున కట్టిన డబ్బు పంతొమ్మిదిన ఎట్లా చేరిందిరా? కాలినడకన వెళ్లిందా?" అతను "నేను ఆరునే కట్టాను వదినా" అన్నాడు. ఆమె ఊరుకోక, "పదమూడు రోజులు నా గాజుల మీద బండెక్కి ఊరేగావన్నమాట" అంది. అంతే. అతను కత్తెర బల్ల మీద పెట్టేశాడు. తరవాత ఒక్క మాట లేదు. మాట్లాడి ఉంటే ఆమెకి నిద్ర పట్టేదేమో. మిషన్లు తొక్కే ముగ్గురు ఆడవాళ్లు కూడా ఇవాళ ఏవో తలనొప్పులు చెప్పి రాలేదు.

"లెక్క వేస్తాను," అంది వదిన ఉన్నట్టుండి. "నా డబ్బు పదమూడు రోజులు వాడి దగ్గర ఉన్నందుకు బ్యాంకువాళ్లు నా దగ్గర ఎంత వడ్డీ పిండారో లెక్కతీసి, వాడి చేతిలో పెట్టి పంపిస్తాను."

"పెట్టు. దక్షిణలాగా," అంది పిన్ని.

వదిన చదివింది అయిదో తరగతి. కానీ ఒక తాను చూసి ఎన్ని చొక్కాలు వస్తాయో, ఎంత పీలిక మిగులుతుందో నోటితో చెప్పే మనిషి. కొలతల పుస్తకంలో ఖాళీ పేజీ తీసి, పెన్సిలు నాలికకి అద్దుకుని మొదలుపెట్టింది.

ఏడాదికి నూటికి పన్నెండు. అంటే నెలకి నూటికి ఒకటి. చిన్నప్పటినుంచి అప్పులు ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ అందరూ చెప్పుకున్న లెక్క అదే. ఆ నెల వాయిదా ఒకటో తారీఖునే కట్టేసింది. కట్టాక మిగిలిన బాకీ అయిదు లక్షల పదకొండు వేలు. నూటికి ఒకటి చొప్పున అయిదువేల నూటపది. మధ్యలో డెబ్బైమూడు వేలు తగ్గింది కాబట్టి ఇంకా తగ్గాలి. ఎంత తగ్గాలి? నెలకి ముప్పై రోజులనుకోవాలా? ఆ నెలకి ముప్పై ఒకటాయె. లెక్క ఎటు తిప్పినా ముడిపడుతోంది.

లేచి గుమ్మందాకా వెళ్లింది. ఎదురుగా కత్తెర బండి ఎండలో నిలబడి ఉంది. వెనక్కొచ్చి కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది. అప్పు ఇచ్చినరోజున బ్యాంకులో కళ్లజోడు మేడమ్ చెప్పింది: "మాది నెలల లెక్క కాదమ్మా, రోజుల లెక్క. ప్రతి రోజూ సాయంత్రానికి ఎంత బాకీ ఉందో, ఆ బాకీ మీద ఆ రోజుకి వడ్డీ. ఏడాది వడ్డీని మూడువందల అరవై అయిదుతో భాగిస్తే ఒక రోజుది వస్తుంది." వదినకి అంతే. ఒకసారి విన్న మాట పాత బాకీలాగా ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.

మళ్లీ మొదలుపెట్టింది. అయిదు లక్షల పదకొండు వేలకి ఏడాది వడ్డీ అరవై ఒక్కవేల మూడువందల ఇరవై. మూడువందల అరవై అయిదుతో భాగించింది. గుండీల పిన్ని ఎన్ని గుండీలు కుట్టిందో ఏమో, చాలాసేపు పట్టింది. నూటఅరవై ఎనిమిది. పైసా శేషం లేకుండా.

"పిన్నీ, రోజుకి నూటఅరవై ఎనిమిది తింటోందే ఈ అప్పు!"

"తింటే తిననీ. మనం పడుకున్నా అది పడుకోదు, దాని జాతే అంత."

డెబ్బైమూడు వేలు జమ అయ్యాక బాకీ నాలుగు లక్షల ముప్పై ఎనిమిది వేలు. అదే తీరున భాగిస్తే రోజుకి నూటనలభై నాలుగు. ఇప్పుడు తేదీలు. డబ్బు పంతొమ్మిదిన చేరింది. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా పద్దెనిమిది రోజులు పెద్ద బాకీ. పంతొమ్మిది నుంచి ముప్పై ఒకటి దాకా పదమూడు రోజులు చిన్న బాకీ. వేళ్ల మీద లెక్కపెట్టి సరిచూసుకుంది, ఎందుకంటే మధ్య రోజుని రెండుసార్లు లెక్కపెట్టడం అందరూ చేసే తప్పే. పద్దెనిమిది నూటఅరవై ఎనిమిదులు మూడువేల ఇరవై నాలుగు. పదమూడు నూటనలభై నాలుగులు పద్దెనిమిదివందల డెబ్బైరెండు. రెండూ కలిపితే నాలుగువేల ఎనిమిదివందల తొంభైఆరు.

కాగితంలో వడ్డీ ఎక్కడుందో వేలు పెట్టి చూసింది. నాలుగువేల అయిదువందల ఎనభైనాలుగు.

లెక్క తప్పాననుకుంది. మళ్లీ వేసింది. మళ్లీ నాలుగువేల ఎనిమిదివందల తొంభైఆరే. పేజీ చింపి, కొత్త పేజీలో కింది నుంచి పైకి కూడింది. అదే.

"బ్యాంకువాళ్లు తక్కువేశారే," అంది మెల్లగా, గోడలు వింటాయేమో అన్నట్టు. "మూడువందల పన్నెండు తక్కువ."

పిన్ని నోట్లోని దారం తీసేసి మరీ నవ్వింది. "బ్యాంకువాడు తక్కువేశాడా? అయితే లోకం తిరగబడ్డట్టే. నోరు మూసుకుని ఆ కాగితం ట్రంకుపెట్టె అడుక్కి పెట్టు. అడిగావంటే వచ్చే నెల రెండింతలు వేస్తారు."

మంచి మాటే. కానీ వదినకి ఊరుకోబుద్ధి కాలేదు. ఎవరికైనా తప్పు పడితే ఎక్కువే పడాలి, తక్కువ ఎట్లా పడుతుంది? గుడ్డ కత్తిరిస్తే కొలత తప్పుతుంది, కానీ ఊరికే తప్పదు. టేపు జారి ఉండాలి, లేదా ఎవరో వేరే కొలత చెప్పి ఉండాలి. ఈ మూడువందల పన్నెండుకీ ఒక కొలత ఉండి తీరాలి.

వెనక గదిలో సంచి జిప్పు వేసిన చప్పుడు వినిపించింది. గడియారం మూడుంబావు.

డెబ్బైమూడు వేలకి రోజు వడ్డీ ఎంత? అది వేరే భాగించక్కర్లేదు. నూటఅరవై ఎనిమిదిలోంచి నూటనలభై నాలుగు తీస్తే ఇరవై నాలుగు. తన నాలుగు గాజులూ రోజుకి ఇరవై నాలుగు మిగిలిస్తాయి. మూడువందల పన్నెండులో ఇరవై నాలుగులు ఎన్ని? పది అయితే రెండువందల నలభై. ఇంకా డెబ్బైరెండు. అంటే మూడు.

పదమూడు.

పెన్సిలు కిందపడింది. తీసుకోలేదు. పంతొమ్మిదిలోంచి పదమూడు తీస్తే ఆరు. ఆరో తారీఖు నుంచే బ్యాంకువాళ్లు ఆ డబ్బు తమ దగ్గర ఉన్నట్టు లెక్కవేశారు. ఒకటి నుంచి అయిదు దాకా అయిదు రోజులు పెద్ద బాకీ, ఎనిమిదివందల నలభై. ఆరు నుంచి ఇరవైఆరు రోజులు చిన్న బాకీ, మూడువేల ఏడువందల నలభైనాలుగు. కూడితే సరిగ్గా నాలుగువేల అయిదువందల ఎనభైనాలుగు. పైసా తేడా లేదు.

చేతికి రాని డబ్బు మీద ఏ బ్యాంకువాడు వడ్డీ వదులుకుంటాడు?

"ఏమైందే? మొహం అట్లా సున్నం కొట్టినట్టయిందేం?" అంది పిన్ని.

"వాణ్ణి కదలనివ్వకు పిన్నీ. ఏదో ఒకటి చెప్పు. సూది గుచ్చుకుందని ఏడువు. నేను ఇప్పుడే వస్తాను."

"ఎక్కడికి?"

కానీ వదిన అప్పటికే చెప్పులు వేసుకుని, కాదు, ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి పిన్ని చెప్పు వేసుకుని వీధిలో పడింది.

బ్యాంకు నాలుగింటికి మూస్తారు. దారిలో రెండుచోట్ల రోడ్డు తవ్వేశారు. ఎవరో "వదినా, నా ప్యాంటు అయిందా?" అని అరిచారు, చెయ్యి ఊపి పోయింది. నడుస్తూనే లెక్క నోట్లో తిప్పుకుంటోంది, ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండునేమో అని కూడా అనిపించింది. తప్పు దొరికితే నిన్నటి మాట మాటగానే ఉండిపోతుంది. దొరక్కపోతే? ఆ మాటని ఎక్కడ పెట్టుకోవాలి?

అప్పుల విభాగంలో కళ్లజోడు మేడమ్ కంప్యూటరు ఆపబోతోంది.

"మేడమ్, నా లెక్కలో వడ్డీ సరిపోయిందండీ. తేదీయే సరిపోలేదు."

మేడమ్ కళ్లజోడు పైనుంచి చూసింది. "వడ్డీ ఎక్కువైందని రోజుకి పదిమంది వస్తారమ్మా. సరిపోయిందని పరిగెత్తుకొచ్చింది మీరొక్కరే. కూర్చోండి."

వదిన కూర్చోలేదు. కొలతల పుస్తకం బల్ల మీద పరిచింది. చొక్కా మెడల కొలతల మధ్య ఆ అంకెలన్నీ వేలితో చూపించింది. మేడమ్ మొదట నవ్వుతూ, తరవాత నవ్వు మానేసి చూసింది. కంప్యూటరులో నాలుగు మీటలు నొక్కింది.

"మీ లెక్క నూటికి నూరుపాళ్లూ కరెక్టు. ఇక్కడ రెండు తేదీలుంటాయమ్మా. పద్దు రాసిన తేదీ ఒకటి, డబ్బు లెక్కలోకొచ్చే తేదీ ఒకటి. పద్దు రాసింది పంతొమ్మిది. లెక్కలోకి తీసుకున్నది ఆరు. మీకు వచ్చే కాగితంలో మొదటిది ఒక్కటే అచ్చవుతుంది."

"అంటే... ఆరునే కట్టాడా?"

"ఆరో తారీఖు, పదకొండు గంటల పది నిమిషాలకి. నోట్లన్నీ లెక్కపెట్టి తీసుకున్నాం."

"మరి పద్దు రాయడానికి పదమూడు రోజులెందుకండీ?" వదిన గొంతు పెరిగింది. అప్పటిదాకా మరిది మీద మండిన మంట ఇప్పుడు ఎటో ఒకవైపు పోవాలి కదా.

మేడమ్ లేచి, బీరువాలోంచి ఒక కట్ట తెచ్చి, వేలు తడిచేసుకుని తిప్పి ఒక చీటీ తీసింది. "ఇది ఎవరు నింపారు?"

వదిన చూసింది. తన రాతే. వాలుగా, కుట్టు పడినట్టు రాసే తన అంకెలే.

"ఈ నంబరు మీ పాత అప్పుది. మొదటి మిషను కొన్నప్పటిది. అది తీరిపోయి, ఖాతా మూసేసి ఏడేళ్లయింది. మూసిన ఖాతాలో డబ్బు వేయడం కుదరదు. క్యూ చాంతాడంత ఉంది, కౌంటరులో కొత్త కుర్రాడు. చేరాల్సిన ఖాతా తేలని డబ్బుకి ఒక పద్దు ఉంటుంది, అందులో వేసి రసీదిచ్చేశాడు. వాడు అప్పుడే అడగాల్సింది, అది మా తప్పే. తరవాత మీకు ఫోన్ చేశాం. పాత ఖాతాలో ఉన్న నంబరుకి. రెండుసార్లు చేశాం, పలకలేదు. చివరికి పంతొమ్మిదిన మీ పేరు మీదున్న ఈ అప్పు చూసి ఇందులో వేశాం."

ఆ నంబరు ఎవరిదో వదినకి చెప్పక్కర్లేదు. ఆయన పోయాక ఆ ఫోనుకి ఎవరూ పలకడం లేదు. గాజులున్న పెట్టెలోనే ఆ పాత పాసుపుస్తకం కూడా ఉంది. గాజులు తీస్తూ, దాన్నే తీసి, అందులో ఆయన రాసుకున్న నంబరు చూస్తూ చీటీ నింపింది. కొత్త పుస్తకం మిషను సొరుగులో, చేతికందే దూరంలో ఉంది.

"ఈ రెండు తేదీలూ ఉన్న కాగితం ఒకటి అచ్చుతీసి, ముద్ర వేసివ్వండి మేడమ్. ఈ చీటీకి కూడా నకలు ఇవ్వండి."

"చీటీ ఎందుకమ్మా? అది మీ తప్పుకి సాక్ష్యం."

"అందుకేనండీ."

వదిన తిరిగొచ్చేసరికి నాలుగూ నలభై. పిన్ని తన బాధ్యత శక్తికి మించి నెరవేరుస్తోంది. వేలికి గజం పొడుగు గుడ్డపీలిక చుట్టుకుని, స్టూలు మీద వెనక్కి వాలి మూలుగుతోంది. కత్తెర ఆమె ముందు నీళ్లగ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, భుజాన సంచి ఉంది.

"పిన్నీ, ఇక చాలు," అంది వదిన.

పిన్ని వెంటనే బాగుపడింది. పీలిక విప్పేసి గుండీ అందుకుంది. కత్తెర గ్లాసు కింద పెట్టాడు. ఎవరి మొహమూ చూడకుండా గుమ్మం వైపు కదిలాడు.

వదిన కొలతల పుస్తకం తెరిచి, కాగితాలు రెండూ దాని మీద పెట్టి, అతను బట్ట కత్తిరించే బల్ల మీద ఉంచింది.

"ఈ లెక్క ఒకసారి సరిచూసి వెళ్లు."

"నాకెందుకు వదినా లెక్కలు? నేను వేరే దుకాణం మనిషిని."

"వేరే దుకాణంవాడివి కాబట్టే. మనవాడైతే పక్షపాతం చూపిస్తాడు."

అతను సంచి దించలేదు. నిలబడే చూశాడు. నూటఅరవై ఎనిమిది దగ్గర ఆగాడు, ఇరవై నాలుగు దగ్గర ఆగాడు. పదమూడు చుట్టూ వదిన పెన్సిలు ఎన్నిసార్లు తిరిగిందో, కాగితం చిరిగిపోయింది. దాని పక్కన ముద్ర వేసిన కాగితంలో ఆరో తారీఖు ఉంది. చీటీ నకలు చూశాక అతని పెదవి చివర కదిలినట్టయింది.

"ఇది అన్నయ్య పుస్తకంలో నంబరు."

"ఊఁ."

"కొత్త పుస్తకం సొరుగులో ఉంటే?"

"ఉంది. చూడలేదు." వదిన బల్ల చెక్కని రెండు చేతులా పట్టుకుంది. "నేను అన్న మాట అందరి ముందూ అన్నాను. రేపు వాళ్లందరూ వచ్చాక, ఈ చీటీ చూపించి, తప్పు నాదేనని వాళ్ల ముందే చెబుతాను. నువ్వు ఉన్నా సరే, లేకపోయినా సరే. అది నీకోసం కాదు. నువ్వు ఉండాలని కూడా అడగను. అడిగే మొహం లేదు."

"ఎప్పుడూ లేనిది ఇవాళ మొహం లేదంటోంది," అంది పిన్ని గుండీతో. "నోరు మాత్రం ఉంది, దేవుడి దయ."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"బండి డబ్బు ఎక్కడిదో అడగలేదు నువ్వు," అన్నాడు కత్తెర చివరికి. "నిన్నైనా అడుగుతావేమో అనుకున్నాను."

"ఎక్కడిదిరా?"

"మూడేళ్లు దాచాను. రిక్షా కూలీ మిగులుతుందని. చొక్కాల మూటలు స్కూళ్లకి నేనే వేసుకెళ్లొచ్చని."

వదిన చీర కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

అతను సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "వాళ్లకి మాటిచ్చాను వదినా. నెల రోజులు పనిచేస్తానని అడ్వాన్సు కూడా తీసుకున్నాను. మాట తప్పడం నాకు చేతకాదు."

"తప్పొద్దు. వెళ్లు."

అతను గుమ్మం దాటాడు. బండి మీద సంచి కట్టాడు. తాళం తిప్పబోయి ఆగి, లోపలికి చూశాడు. కత్తిరించే బల్ల మీద అతని పెద్ద కత్తెర నిన్న పెట్టినచోటే ఉంది. దాన్ని వేరే చెయ్యి ముట్టుకోనివ్వడు, ముట్టుకుంటే పదును పోతుందంటాడు. సంచిలో చిన్నవన్నీ సర్దుకుని, దాన్ని వదిలేశాడు.

"కత్తెర మరిచావురా!" అని వదిన గుమ్మంలోకి పరిగెత్తింది.

"మరవలేదు. నెల రోజులే కదా."

"నెలంటే?" అంది ఆమె. "ముప్పయ్యా, ముప్పై ఒకటా?"

"నువ్వే వేసుకో లెక్క. ఇప్పుడు నీకు బాగా వచ్చింది కదా," అన్నాడు అతను, బండి మొదటి తన్నుకే స్టార్టయింది.

బండి వీధి మలుపు తిరిగేదాకా వదిన అక్కడే నిలబడింది. లోపలికొచ్చి, కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన ఇవాల్టి తేదీ వేసింది. మొదటి రోజుని లెక్కలో వేసుకోవాలా, వద్దా అని పెన్సిలు పట్టుకుని ఆలోచించింది.

"నా చెప్పు విప్పుతావా, నెలదాకా వేసుకుంటావా?" అంది పిన్ని.